బావి ఎక్కడ తవ్వాలి?

మూడు మూలల పొలం ఒకటి ఊహించుకుందాం. ఒక మూలలో పాత వేపచెట్టు ఉంది. రెండో మూల రోడ్డును తాకుతుంది. మూడోది చెరువు కట్టను ఆనుకుని ఉంది. టేపు పట్టుకుని చుట్టూ కొలిస్తే వేపచెట్టు నుంచి రోడ్డు మూలకు 130 మీటర్లు, రోడ్డు మూల నుంచి చెరువు మూలకు 140 మీటర్లు, చెరువు మూల నుంచి మళ్లీ వేపచెట్టు దాకా 150 మీటర్లు వచ్చాయి. విస్తీర్ణం 8,400 చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండెకరాల ఏడున్నర సెంట్లు. ఈ పొలం ముగ్గురు అన్నదమ్ములకు రావాలి. లోపల ఒక బావి తవ్వి, ఆ బావి నుంచి మూడు మూలలకూ మూడు గట్లు వేసుకుంటే ఒక్కొక్కరికి ఒక చెక్క వస్తుంది, ముగ్గురికీ బావి అందుతుంది. మూడు చెక్కలూ విస్తీర్ణంలో సమానంగా ఉండాలన్నది షరతు. బావి ఎక్కడ తవ్వాలి? ఒక్కో గట్టు ఎంత పొడవు వస్తుంది?

వినగానే చాలామంది చెప్పే సమాధానం, మూడు మూలలకూ సమాన దూరంలో తవ్వాలని. న్యాయంగానే అనిపిస్తుంది. అలాంటి చోటు నిజంగానే ఉంది. ఈ పొలంలో అది ప్రతి మూలకూ 81.25 మీటర్ల దూరంలో ఉంటుంది. లెక్కల పుస్తకాల్లో దాన్ని పరివృత్త కేంద్రం అంటారు. అక్కడ బావి తవ్వి గట్లు వేస్తే మూడు గట్లూ సమానంగానే ఉంటాయి. చెక్కలు మాత్రం సమానంగా ఉండవు. రోడ్డుకూ చెరువుకూ మధ్య హద్దున్న చెక్క 2,887.5 చదరపు మీటర్లు, వేపచెట్టుకూ రోడ్డుకూ మధ్యది 3,168.75, చెరువుకూ వేపచెట్టుకూ మధ్యది 2,343.75 వస్తాయి. అందరికన్నా పొడవైన హద్దు ఎవరికి వచ్చిందో ఆయనకే అన్నిటికన్నా చిన్న చెక్క దక్కింది. పెద్ద చెక్కకూ చిన్న చెక్కకూ తేడా ఇరవై సెంట్ల పైమాటే. గట్లు సమానమైనంత మాత్రాన వాటాలు సమానం కావు.

ముగ్గురి సంగతి తేలాలంటే ముందు ఇద్దరి సంగతి చూడాలి. వారసులు ఇద్దరే అయితే పని తేలిక. వేపచెట్టు దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న రోడ్డు–చెరువు హద్దుకు సరిగ్గా నడిమధ్య, అంటే 70 మీటర్ల దగ్గర, ఒక మేకు కొట్టి, చెట్టు నుంచి మేకు దాకా గట్టు వేస్తే చాలు. గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చెక్కలకూ అడుగు హద్దు 70 మీటర్లే, వేపచెట్టు నుంచి ఆ హద్దుకు ఉన్న నిలువు దూరమూ ఒకటే. భూమి ఒకటై, ఎత్తు ఒకటైతే వైశాల్యమూ ఒకటే. ఇలా ఒక శీర్షాన్ని దాని ఎదుటి భుజం మధ్య బిందువుతో కలిపే గీతను మధ్యగతం అంటారు. ప్రతి త్రిభుజానికీ మూడు మధ్యగతాలుంటాయి, ప్రతి ఒక్కటీ దాన్ని సమానంగా రెండు చేస్తుంది.

పొలంలోకి దిగకుండా, చేతిలో ఉన్న మూడు కొలతలతోనే ఆ గట్టు పొడవు ఎంతో చెప్పగలమా? చెప్పగలం. చిన్నప్పుడు బడిలో నాకు ఈ సూత్రాన్ని బట్టీ పట్టించారు. ఎందుకలా వస్తుందో ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత కాగితం మీద స్వయంగా వేసుకుని చూసినప్పుడు, ఇంత చిన్న విషయాన్ని ఎందుకు దాచిపెట్టారా అని బాధ కలిగింది. అందుకే ఇక్కడ దాన్ని తొందరపడకుండా విప్పి చెబుతాను.

ఈ పొలం కొలతలు ఊరికే ఎంచుకున్నవి కావు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో భూమి 14, భుజాలు 13, 15 ఉన్న త్రిభుజం ఉంది. మన పొలం దానికి పది రెట్లు. శీర్షం నుంచి భూమి మీదికి లంబం దించితే ఆ లంబం భూమిని రెండు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను ఆయన ఆబాధలు అన్నాడు. వాటిని కనుక్కునే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. రెండు భుజాల మొత్తాన్ని వాటి తేడాతో గుణించి భూమితో భాగించాలి. 28ని 2తో గుణిస్తే 56, దాన్ని 14తో భాగిస్తే 4. ఆ నాలుగును భూమికి కలిపి సగం చేస్తే 9, తీసివేసి సగం చేస్తే 5. అవే రెండు ఆబాధలు. లంబం 12. భూమి 14ని ఎత్తు 12తో గుణించి సగం చేస్తే వైశాల్యం 84.

మన పొలానికి మార్చుకుంటే, వేపచెట్టు నుంచి రోడ్డు–చెరువు హద్దు మీదికి నిలువుగా దిగితే 120 మీటర్లు నడుస్తాం. ఆ అడుగు పడే చోటు రోడ్డు మూలకు 50 మీటర్లు, చెరువు మూలకు 90 మీటర్లు. హద్దు మధ్యలో కొట్టిన మేకు మాత్రం రెండు వైపులా 70 మీటర్లలో ఉంది. అంటే లంబం పడిన చోటు మేకుకు 20 మీటర్లు రోడ్డు వైపు జరిగి ఉంది. ఇప్పుడు వేపచెట్టు, లంబం పాదం, మేకు కలిసి ఒక చిన్న లంబకోణ త్రిభుజం అవుతాయి. దాని రెండు భుజాలు 120, 20. కర్ణమే మన గట్టు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 14,400కు 400 కలిపితే 14,800. దాని వర్గమూలం 121.66. అదే గట్టు పొడవు.

ఇక్కడితో ఆగినా లెక్క వచ్చినట్టే. కానీ లంబాన్నీ ఆబాధలనూ ప్రతిసారీ కట్టుకోవాల్సిన పని లేదు. ఎందుకో ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

130² = 120² + (70 − 20)²
150² = 120² + (70 + 20)²

కుండలీకరణాలను విప్పితే మొదటిదాంట్లో 70 వర్గం, 20 వర్గం వస్తాయి, వాటితో పాటు 2 × 70 × 20 తీసివేతగా వస్తుంది. రెండోదాంట్లోనూ అవే వస్తాయి, కాకపోతే 2 × 70 × 20 కూడికగా వస్తుంది. రెండు వరసలనూ కలిపితే ఆ తీసివేతా ఈ కూడికా పూర్తిగా కొట్టుకుపోతాయి. మిగిలేది, 120 వర్గం, 20 వర్గం, 70 వర్గం, అన్నీ రెండేసి చొప్పున. అందులో 120 వర్గమూ 20 వర్గమూ కలిసినదే గట్టు వర్గమని ఇందాకే చూశాం. కాబట్టి రెండు భుజాల వర్గాల మొత్తం అంటే, గట్టు వర్గమూ సగం భూమి వర్గమూ కలిపి దానికి రెండింతలు.

మేకు సరిగ్గా నడిమధ్య ఉండటం వల్లే ఆ కొట్టివేత జరిగింది. ఒకవైపు 70 నుంచి ఎంత తగ్గిందో రెండోవైపు 70కి అంతే పెరిగింది. మేకును ఒక్క మీటరు పక్కకు జరిపితే అడ్డుపదం మిగిలిపోతుంది, సూత్రం ఇంత తేలికగా ఉండదు. మధ్యగతం గురించి నాకు తెలిసినవాటిలో అందమైన సంగతి ఇదే. లంబం ఎంతో, అది ఎక్కడ పడిందో తెలియాల్సిన అవసరమే లేకుండా ఆ కొట్టివేత చేసేసింది. శీర్షం దగ్గర కాకుండా భూమి చివర ఎక్కడో అధిక కోణం ఉండి లంబం పొలం బయట పడినా ఇబ్బంది లేదు. అప్పుడు ఒక ఆబాధ రుణసంఖ్య అవుతుంది, వర్గం చేస్తే అదీ మామూలైపోతుంది.

మాటల్లో గుర్తుపెట్టుకోవాలంటే ఇలా. ఆ మూలలో కలిసే రెండు భుజాల వర్గాల సగటు తీసుకుని, అందులోంచి సగం భూమి వర్గం తీసేస్తే మధ్యగతం వర్గం వస్తుంది. 130 వర్గం 16,900, 150 వర్గం 22,500, సగటు 19,700. సగం భూమి 70, దాని వర్గం 4,900. తీసేస్తే 14,800. లంబం కట్టి చేసిన లెక్కకు ఇది సరిగ్గా సరిపోయింది. అక్షరాల్లో రాస్తే, భూమి a, మిగతా రెండు భుజాలు b, c, మధ్యగతం m అయితే,

4m² = 2b² + 2c² − a²

దీనికి అపొలోనియస్ సిద్ధాంతమని పేరు. క్రీస్తు పూర్వం పెర్గాలో పుట్టిన గ్రీకు గణితవేత్త ఆయన. పెర్గా ఇప్పటి టర్కీలో ఉంది.

ఈ లెక్కలో ఎక్కువమంది చేసే తప్పు, వర్గాల సగటు బదులు భుజాల సగటు తీసుకోవడం. 130, 150ల సగటు 140 కాబట్టి గట్టు కూడా సుమారు 140 ఉంటుందనుకుంటారు. నిజానికి మధ్యగతం ఎప్పుడూ ఆ సగటు కన్నా తక్కువే. అలాగని మరీ కుదించుకుపోదు. దించిన లంబం 120 కన్నా అది తక్కువ కాలేదు, ఎందుకంటే చెట్టు నుంచి హద్దుకు అతి దగ్గర దారి లంబమే. మన 121.66 ఈ రెండింటికీ మధ్యలోనే ఉంది. ఇంకో తేలిక పరీక్ష కూడా ఉంది. మధ్యగతం సగం భూమి కన్నా పెద్దదైతే ఆ శీర్షం దగ్గర కోణం లంబకోణం కన్నా తక్కువ, చిన్నదైతే ఎక్కువ, సరిగ్గా సమానమైతే అది లంబకోణమే. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు మూల చూడటానికి మూడు, నాలుగు, అయిదు కొలతలు పెట్టుకోవడం మనందరం చూసిందే. ఆ అయిదు అడుగుల ఏటవాలు తాడుకు నడిమధ్య నుంచి మూలకు కొలిస్తే సరిగ్గా రెండున్నర అడుగులు రావాలి. రాకపోతే మూల మట్టంగా లేనట్టే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇద్దరికి గట్టు ఎలాగో తెలిసింది. ముగ్గురికి బావి ఎక్కడ?

దీనికి కావడిని తలచుకుంటే చాలు. కావడికి రెండు వైపులా సమానమైన బరువులుంటే భుజం బద్ద నడిమధ్య ఆనుతుంది. ఒకవైపు ఒక కుండ, రెండోవైపు రెండు కుండలు కడితే భుజం రెండు కుండల వైపు జరగాలి. ఎంత జరగాలి? బరువు రెండింతలున్న వైపు దూరం సగం ఉండాలి. అంటే బద్దను మూడు భాగాలు చేస్తే ఒంటి కుండ వైపు రెండు భాగాలు, జంట కుండల వైపు ఒక భాగం.

ఇప్పుడు పొలం మూడు మూలల్లోనూ ఒక్కో కుండ పెట్టామనుకుందాం, మూడూ ఒకే బరువువి. రోడ్డు మూలలోని కుండా చెరువు మూలలోని కుండా కలిసి వాటి హద్దు నడిమధ్య, అంటే మన మేకు దగ్గర, నిలుస్తాయి. కాబట్టి మేకు దగ్గర రెండు కుండలున్నట్టే. వేపచెట్టు దగ్గర ఒక కుండ ఉంది. వేపచెట్టు నుంచి మేకు దాకా ఉన్న మధ్యగతమే ఇప్పుడు కావడి బద్ద. ఆనుకునే చోటు చెట్టు నుంచి రెండు భాగాల దూరంలో, మేకు నుంచి ఒక భాగం దూరంలో ఉంటుంది. ఇదే లెక్కను రోడ్డు మూల నుంచి మొదలుపెట్టినా, చెరువు మూల నుంచి మొదలుపెట్టినా కుండలు అవే, వాటి బరువు కేంద్రమూ అదే. అందుకే మూడు మధ్యగతాలూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి, ప్రతిదీ అక్కడ రెండుకు ఒకటి చొప్పున తెగుతుంది. ఆ బిందువు పేరు గురుత్వ కేంద్రం. శీర్షం నుంచి దానికి ఉన్న దూరం ఆ మధ్యగతంలో మూడింట రెండు వంతులు.

బావి తవ్వాల్సింది అక్కడే. రోడ్డు–చెరువు హద్దు నుంచి చూస్తే, ఆ బిందువు మధ్యగతం మీద మేకు నుంచి మూడో వంతు దూరంలోనే ఉంది కాబట్టి, హద్దు నుంచి దాని ఎత్తు కూడా వేపచెట్టు ఎత్తులో మూడో వంతే, 120లో 40 మీటర్లు. భూమి 140, ఎత్తు 40 అయితే వైశాల్యం 2,800 చదరపు మీటర్లు, మొత్తంలో సరిగ్గా మూడో వంతు. మిగతా రెండు హద్దుల మీదా ఇదే మాట వర్తిస్తుంది. ముగ్గురికీ తలా 69 సెంట్ల పైన వచ్చాయి.

ఇప్పుడు గట్ల పొడవులు. ఒక్కో మధ్యగతాన్ని విడిగా కట్టి, మూడింట రెండు వంతులు తీసుకోవచ్చు. కానీ మూడూ కావాలనుకున్నప్పుడు ఇంకా దగ్గర దారి ఉంది. ముందు మూడు భుజాల వర్గాలను కలిపి పెట్టుకోవాలి. దాన్ని S అందాం. 2b² + 2c² − a² అన్నదాన్ని కొంచెం సర్దితే అది 2S − 3a² అవుతుంది. అంటే మధ్యగతం వర్గం దానిలో నాలుగో వంతు. గురుత్వ కేంద్రం దాకా దూరం మధ్యగతంలో మూడింట రెండు వంతులు కాబట్టి దాని వర్గం మధ్యగతం వర్గంలో తొమ్మిదింట నాలుగు వంతులు. నాలుగూ నాలుగూ పోయి, శీర్షం నుంచి బావికి దూరం d అయితే మిగిలేది ఇదే:

9d² = 2S − 3a²

ఇక్కడ a అంటే ఆ మూలకు ఎదురుగా ఉన్న భుజం. మన పొలానికి S 59,000, రెండింతలు 1,18,000. వేపచెట్టుకు ఎదురుగా 140 ఉంది. దాని వర్గానికి మూడు రెట్లు 58,800. తీసేస్తే 59,200, తొమ్మిదితో భాగిస్తే 6,577.8, వర్గమూలం 81.1 మీటర్లు. రోడ్డు మూలకు ఎదురుగా 150 ఉంది కాబట్టి 67,500 తీసేయాలి, చివరకు 74.9 మీటర్లు వస్తుంది. చెరువు మూలకు ఎదురుగా 130, తీసేయాల్సింది 50,700, దూరం 86.5 మీటర్లు. మూడు గట్లూ మూడు రకాలుగా ఉన్నాయి, మూడు చెక్కలూ ఒక్కలాగే ఉన్నాయి.

సూత్రాన్ని ఈ రూపంలో రాసుకుంటే ఇంకో సంగతి కంటికి కనిపిస్తుంది. 2S అందరికీ ఉమ్మడి. మారేది తీసివేసే భాగం ఒక్కటే. ఎదురుగా ఉన్న భుజం ఎంత పొడవైతే తీసివేత అంత ఎక్కువ, దూరం అంత తక్కువ. అందుకే బావి ఎప్పుడూ అన్నిటికన్నా పొడవైన హద్దుకు ఎదురుగా ఉన్న మూలకే దగ్గరగా ఉంటుంది. లెక్క చేశాక ఈ వరుస తప్పితే ఎక్కడో భుజాలు తారుమారయ్యాయని వెంటనే తెలిసిపోతుంది.

మూడు దూరాలూ వచ్చాక మొత్తం లెక్కను ఒక్కసారి సరిచూసుకునే దారి కూడా ఉంది. వాటి వర్గాలను కలిపితే S లో సరిగ్గా మూడో వంతు రావాలి. 6,577.8కి 5,611.1, 7,477.8 కలిపితే 19,666.7. దాన్ని మూడుతో గుణిస్తే 59,000 వస్తుంది (దశాంశాలు కుదించడం వల్ల ఆఖరున పిసరంత తేడా ఉంటే ఉండవచ్చు). మూడింట రెండు వంతుల బదులు మూడింట ఒక వంతు తీసుకోవడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. ఈ పరీక్షలో అది వెంటనే దొరికిపోతుంది, ఎందుకంటే అప్పుడు మొత్తం నాలుగో వంతుకు పడిపోతుంది.

సూత్రం పట్టుకోలేని తప్పు ఒకటుంది. 2, 9, 12 అని మూడు కొలతలు ఇచ్చారనుకోండి. 12 భూమి అనుకుని సూత్రంలో పెడితే 2 × (4 + 81) − 144, అంటే 26 వస్తుంది. నాలుగో వంతు 6.5, మధ్యగతం 2.55. అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ అలాంటి త్రిభుజమే లేదు. 2, 9 కలిపితే 11, అవి 12 పొడవున్న భూమి మీద ఒకదాన్నొకటి అందుకోనే లేవు. కొన్నిసార్లు వర్గమూలం కింద రుణసంఖ్య వచ్చి సూత్రమే మనల్ని ఆపుతుంది, కానీ ఎప్పుడూ కాదు. అందుకని ముందుగా రెండు చిన్న భుజాల మొత్తం పెద్ద భుజాన్ని మించిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే వర్గాల జోలికి వెళ్లాలి.

కొలతలో వచ్చే పొరపాట్లు వేరు. రోడ్డు–చెరువు హద్దును 140కి బదులు 141 అని రాసుకుంటే వేపచెట్టు గట్టు పూర్తి పొడవు 29 సెంటీమీటర్లు తగ్గుతుంది. అదే వేపచెట్టు–చెరువు హద్దును ఒక మీటరు ఎక్కువ రాసుకుంటే అది 62 సెంటీమీటర్లు పెరుగుతుంది. పక్క భుజాలలో తప్పు భూమిలో తప్పు కన్నా ఎక్కువ దెబ్బ తీస్తుందన్న మాట. నేల వాలుగా ఉంటే టేపును నేలకు ఆనించి లాగకూడదు. వంద మీటర్లకు పది మీటర్లు దిగే వాలులో అలా కొలిస్తే అర మీటరు ఎక్కువ చూపిస్తుంది. టేపును మట్టంగా పట్టుకుని, ముక్కలు ముక్కలుగా కొలుచుకుంటూ దిగాలి.

పొలంలో బావి గుర్తు పెట్టాలంటే రెండు టేపులు చాలు. ఒకటి వేపచెట్టు దగ్గర బిగించి 81.1 మీటర్ల దగ్గర, రెండోది రోడ్డు మూలలో బిగించి 74.9 మీటర్ల దగ్గర పట్టుకుని, పొలం లోపల రెండూ కలిసేలా నడవాలి. కలిసిన చోట మేకు కొట్టి, చెరువు మూల నుంచి మూడో కొలత తీసుకోవాలి. 86.5 వస్తే బావికి ముగ్గు పోయవచ్చు. రాకపోతే హద్దులను మళ్లీ కొలవాలి.

ఇంట్లో చేసి చూడాలనుకుంటే పొలం అక్కర్లేదు. గట్టి అట్ట మీద 13, 14, 15 సెంటీమీటర్లతో త్రిభుజం గీసి కత్తిరించండి. 14కు ఎదురుగా ఉన్న మూల నుంచి మధ్యగతం గీసి, దాని మీద 8.1 సెంటీమీటర్ల దగ్గర చుక్క పెట్టండి. పెన్సిల్ మొనను ఆ చుక్క కింద ఆనిస్తే అట్ట నిలబడుతుంది. ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. మనం లెక్క వేసింది మూలల్లో పెట్టిన మూడు కుండల బరువు కేంద్రం. అట్టకు బరువు మూలల్లో లేదు, అంతటా పరచుకుని ఉంది. అయినా కేంద్రం అక్కడే ఎందుకు పడింది? అట్టను భూమికి సమాంతరంగా సన్నని పీలికలుగా కోసుకుంటూ పోయినట్టు ఊహించండి. ప్రతి పీలికా దాని నడిమధ్య ఆనుతుంది. ఆ నడిమధ్యలన్నీ శీర్షం నుంచి దిగే మధ్యగతం మీదే వరుసగా ఉంటాయి. కాబట్టి అట్ట మొత్తం బరువు కేంద్రం ఆ మధ్యగతం మీదే ఉండాలి, అలాగే మిగతా రెండింటి మీదా ఉండాలి. త్రిభుజపు పలక మధ్యగతాలు కలిసే చోటే నిలబడుతుందని ఆర్కిమిడిస్ నిరూపించి పెట్టాడు.

అయితే అట్టకు బదులు తీగను వంచి అదే త్రిభుజం చేస్తే ఈ మాట చెల్లదు. తీగ బరువు భుజాల పొడవును బట్టి ఉంటుంది. 15 సెంటీమీటర్ల భుజం 13 సెంటీమీటర్ల భుజం కన్నా బరువెక్కువ, కేంద్రాన్ని తన వైపు కొంచెం లాక్కుంటుంది. మూడు భుజాలూ సమానమైతేనే తీగకూ అట్టకూ ఒకే కేంద్రం ఉంటుంది.

చివరగా, ఈ పొలం అంకెల్లో చాలాకాలంగా నన్ను వదలని ఒక సంగతి. భుజాలు 13, 14, 15 అన్నీ పూర్ణసంఖ్యలు, వైశాల్యం 84 కూడా పూర్ణసంఖ్యే. మధ్యగతాలు మాత్రం దశాంశాల్లోకి పోయాయి. పోనీ మధ్యగతాలు కూడా పూర్ణసంఖ్యలయ్యే త్రిభుజం ఉందా అంటే ఉంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ ఇలాంటివాటి కోసం వెతికాడు. భుజాలు 136, 170, 174 తీసుకుని పై సూత్రంలో పెట్టి చూడండి. 136 మీది మధ్యగతానికి 2 × (28,900 + 30,276) నుంచి 18,496 తీసేస్తే 99,856, నాలుగో వంతు 24,964. అది సరిగ్గా 158 వర్గం. మిగతా రెండు మధ్యగతాలు 131, 127 వస్తాయి. కానీ ఇక్కడ వైశాల్యం చెడిపోయింది. అది 10,738కీ 10,739కీ మధ్య ఎక్కడో చిక్కుకుంది. మూడు భుజాలు, మూడు మధ్యగతాలు, వైశాల్యం, ఈ ఏడూ పూర్ణసంఖ్యలుగా ఉన్న త్రిభుజం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అలాంటిది ఉండదనడానికి అందరూ ఒప్పుకున్న నిరూపణా లేదు.